కృష్ణ పక్కనే పారుతున్నా: ఆల్దో, డిస్పైట్‌లతో వాక్యాలు కలిపిన నా అనుభవం

నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాస్తున్నప్పుడు రెండు వాక్యాలు కలపాల్సి వచ్చింది. కృష్ణా నది జిల్లా అంచునే పారుతుంది. మర్రిగూడ దిక్కు చాలా ఊళ్లు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లే తాగాయి. తెలుగులో అయితే "పారుతున్నా" అంటే చాలు, క్రియ చివరి 'నా' ఆ పని చేసిపెడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసే మాట వాక్యానికి ముందు వస్తుంది.

మొదట ఆల్దోతో రాశాను: "ఆల్దో ద కృష్ణా ఫ్లోస్ అలాంగ్ ద డిస్ట్రిక్ట్, మెనీ విలేజెస్ డ్రాంక్ ఫ్లోరైడ్ వాటర్." చిత్తుప్రతిలో కామా తర్వాత 'బట్' కూడా పడింది. మాట్లాడేటప్పుడు "పారుతున్నా కానీ" అంటాం, ఆ 'కానీ'యే ఇక్కడికి వచ్చింది. ఆల్దో ఉంటే బట్ కొట్టేయాలి. ఆల్దో తర్వాత కర్త, క్రియ రెండూ ఉండాలి. ఆ ముక్క ఒక్కటే రాసి ఫుల్‌స్టాప్ పెడితే వాక్యం సగంలోనే ఆగిపోతుంది.

అసలు చిక్కు డిస్పైట్‌తో వచ్చింది. దాని తర్వాత నామవాచకం గానీ, ఐఎన్‌జీ రూపం గానీ రావాలి. అందుకని "డిస్పైట్ ఫ్లోయింగ్ అలాంగ్ ద డిస్ట్రిక్ట్, మెనీ విలేజెస్ డ్రాంక్..." అని రాశాను. చదవడానికి నున్నగానే ఉంది గానీ, పారేది ఎవరు? ఐఎన్‌జీ పని కామా తర్వాతి కర్తకు అంటుకుంటుంది, అంటే ఇక్కడ ఊళ్లు పారుతున్నట్టు అర్థం వస్తుంది. రెండు వాక్యాల కర్తలు వేరైతే ఐఎన్‌జీ వదిలి నామవాచకం వెతకాలి: "డిస్పైట్ ద నియర్‌నెస్ ఆఫ్ ద కృష్ణా, మెనీ విలేజెస్ డ్రాంక్ ఫ్లోరైడ్ వాటర్."

కర్త ఒకరే అయితే ఐఎన్‌జీ హాయిగా కుదురుతుంది. "ద ఫార్మర్ డ్రిల్డ్ ఫోర్ బోర్‌వెల్స్. హి గాట్ నో వాటర్." కలిపితే "డిస్పైట్ డ్రిల్లింగ్ ఫోర్ బోర్‌వెల్స్, ద ఫార్మర్ గాట్ నో వాటర్." 'హి' పోయి, ఆ చోట 'ద ఫార్మర్' వచ్చింది. చాలామంది 'హి'నే ఉంచి, రైతును మరిచిపోతారు.

నామవాచకంగా మార్చేటప్పుడు దాని పక్క మాట కూడా మారుతుంది. "ఇట్ రెయిన్డ్ హెవీలీ" అన్నది "డిస్పైట్ ద హెవీ రెయిన్" అవుతుంది, 'హెవీలీ'లో 'లీ' రాలిపోతుంది.

ఇన్ స్పైట్ ఆఫ్‌కూ ఇవే పద్ధతులు. అది మూడు మాటలు, 'ఇన్', 'స్పైట్' కలిపి రాయకూడదు. అందులోని 'ఆఫ్' డిస్పైట్‌కు తగిలించి "డిస్పైట్ ఆఫ్" అని రాయడం తప్పు.

సరైన నామవాచకం దొరకకపోతే "డిస్పైట్ ద ఫ్యాక్ట్ దట్" పెట్టి, వెనక కర్త, క్రియ రాయొచ్చు. తప్పేం కాదు, కానీ బరువుగా ఉంటుంది. నా వ్యాసంలో అది కనపడ్డ చోటల్లా ఆల్దో పెట్టి చూశాను, వాక్యం తేలికైంది.