ఐగెన్ వాల్యూలు ఒకటే, కానీ ఒకటి డయాగొనలైజ్ అవుతుంది, ఇంకొకటి కాదు: నేను లెక్కపెట్టే తీరు

డయాగొనలైజేషన్ లెక్కల్లో ఎక్కువ మంది తడబడేది ఐగెన్ వాల్యూ రిపీట్ అయినప్పుడే. "వాల్యూ రిపీట్ అయింది కాబట్టి డయాగొనలైజ్ కాదు" అని రాసేసేవాళ్లు ఉన్నారు, "మూడు వాల్యూలు వచ్చాయి కాబట్టి అవుతుంది" అని రాసేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఇది తేలాలంటే వాల్యూలను కాదు, వెక్టర్లను లెక్కపెట్టాలి. ఆ లెక్క నేనెలా చేస్తానో ఈ రెండు మాట్రిక్సుల మీద చూపిస్తాను.

```
A =  3  1 -1        B =  3  0  1
     2  4 -2             2  4 -2
     1  1  1             1  1  1
```

కింది రెండు అడ్డువరుసలూ రెండింట్లోనూ ఒకటే. పై వరుసలో మాత్రం రెండు అంకెలు మారాయి.

ముందు ఐగెన్ వాల్యూలు కావాలి. 3×3 అయితే నేను det(A − λI) మొత్తం విప్పను. వికర్ణం మీది అంకెల మొత్తం, వికర్ణం వెంబడి ఉండే మూడు 2×2 మైనర్ల మొత్తం, డిటర్మినెంటు, ఈ మూడూ తెలిస్తే సమీకరణం రాసేయవచ్చు. A, B రెండింటికీ వికర్ణం మొత్తం 3 + 4 + 1 = 8. A లో మైనర్లు 10, 4, 6, B లో 12, 2, 6. ఎలా కూడినా 20. డిటర్మినెంటు రెండింటికీ 16. కాబట్టి సమీకరణం కూడా రెండింటికీ ఒకటే:

λ³ − 8λ² + 20λ − 16 = (λ − 2)²(λ − 4)

ఐగెన్ వాల్యూలు 2, 2, 4. ముందుకు వెళ్లేలోపు వీటిని కూడి, గుణించి చూసుకుంటాను: 2 + 2 + 4 = 8, 2·2·4 = 16. పది సెకన్ల పని. ఇక్కడ ఒక అంకె తప్పితే ఆ తర్వాత చేసేదంతా వృథా. ఇంకో తప్పు కూడా చాలాసార్లు చూశాను. లెక్క తేలికవుతుందని ముందే A మీద రో ఆపరేషన్లు చేసి, వచ్చిన త్రిభుజాకార మాట్రిక్స్ వికర్ణం మీది అంకెలనే ఐగెన్ వాల్యూలు అనుకోవడం. రో ఆపరేషన్లు ర్యాంకును మార్చవు, ఐగెన్ వాల్యూలను మాత్రం మార్చేస్తాయి. వాటిని λ తీసేశాకే, అంటే A − λI మీదే చేయాలి.

ఇప్పటిదాకా A కీ B కీ ఏ తేడా కనిపించలేదు. ఇకముందు కావలసింది మూడు స్వతంత్ర ఐగెన్ వెక్టర్లు. ఎందుకు మూడంటే, P⁻¹AP వికర్ణ మాట్రిక్స్ కావాలంటే P నిలువువరుసలన్నీ ఐగెన్ వెక్టర్లే కావాలి. P కి విలోమం ఉండాలంటే ఆ మూడు నిలువువరుసలూ స్వతంత్రంగా ఉండాలి. రెండే దొరికితే మూడో నిలువువరుసలో పెట్టడానికి ఏమీ ఉండదు.

λ = 4 దగ్గర నేను సమయం పెట్టను. సమీకరణంలో ఒక్కసారే వచ్చిన వాల్యూకి స్వతంత్ర ఐగెన్ వెక్టరు కచ్చితంగా ఒకటే ఉంటుంది, తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఎన్నిసార్లు వచ్చిన వాల్యూకైనా వెక్టర్లు కనీసం ఒకటి ఉంటాయి, అది వచ్చిన సంఖ్యను దాటవు. అందుకే అనుమానం రెండుసార్లు వచ్చిన 2 మీద మాత్రమే. దానికి రెండు వెక్టర్లు వస్తే మాట్రిక్స్ డయాగొనలైజ్ అవుతుంది, ఒకటే వస్తే కాదు. నిజానికి ఈ దశలో వెక్టర్లు కనుక్కోవాల్సిన అవసరం కూడా లేదు, ర్యాంకు చాలు. స్వతంత్ర వెక్టర్ల సంఖ్య అంటే 3 లోంచి A − 2I ర్యాంకు తీసేస్తే మిగిలేదే.

```
A - 2I =  1  1 -1        B - 2I =  1  0  1
          2  2 -2                  2  2 -2
          1  1 -1                  1  1 -1
```

ఎడమవైపుది చూడగానే తేలిపోతుంది. రెండో వరుస మొదటి వరుసకు రెట్టింపు, మూడోది మొదటిదే. ర్యాంకు 1, మిగిలేవి రెండు వెక్టర్లు. కుడివైపు మాత్రం పై వరుస (1, 0, 1) కింది వరుసలకు గుణిజం కాదు. ర్యాంకు 2, మిగిలేది ఒకటే. లెక్క ఇక్కడే అయిపోయింది: A డయాగొనలైజ్ అవుతుంది, B అవదు. పై వరుసలో మారిన ఆ రెండు అంకెలూ సమీకరణాన్ని కదిలించలేదు కానీ, ఈ ర్యాంకును ఒకటి పెంచేశాయి.

A కి P కూడా కావాలంటే వెక్టర్లు తీయాలి. λ = 2 దగ్గర మిగిలే సమీకరణం ఒక్కటే: x + y − z = 0. అంటే x = z − y. y, z మన ఇష్టం. y = 1, z = 0 పెడితే (−1, 1, 0), y = 0, z = 1 పెడితే (1, 0, 1). ఇలా ఒక ఫ్రీ వేరియబుల్‌కి 1, మిగతా వాటికి 0 పెట్టడం నేను ఎప్పుడూ తప్పను. వెక్టర్లు స్వతంత్రమా కాదా అని మళ్లీ చూసే పని ఉండదు. ఒకదానిలో y దగ్గర 1 ఉంటే ఇంకోదానిలో అక్కడ సున్నా ఉంటుంది. చేతికి వచ్చిన అంకెలు పెట్టేవాళ్లే చిక్కుల్లో పడతారు. (−1, 1, 0), (1, 0, 1), (0, 1, 1) అని λ = 2 కే మూడు రాసినవాళ్లు ఉన్నారు. మూడూ సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి, మూడూ ఐగెన్ వెక్టర్లే. కానీ మూడోది మొదటి రెండిటి మొత్తమే కాబట్టి లెక్కలోకి రాదు. ఒక వాల్యూకి వెక్టర్లు లెక్కలేనన్ని ఉంటాయి. మనం లెక్కపెట్టేది అందులో స్వతంత్రమైనవి ఎన్ని అనేది.

λ = 4 దగ్గర A − 4I రెండో వరుస (2, 0, −2), అంటే x = z. మొదటి వరుస (−1, 1, −1) లోంచి y = 2z. వెక్టరు (1, 2, 1). ఇది λ = 2 వెక్టర్లతో కలిసిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. λ = 2 వైపు నుంచి u, λ = 4 వైపు నుంచి w తీసుకుని u + w = 0 అయిందనుకుందాం. A తో గుణిస్తే 2u + 4w = 0. దీనిలోంచి మొదటిదాని రెట్టింపు తీసేస్తే 2w = 0, అంటే w సున్నా, దాంతో u కూడా సున్నా. వేర్వేరు వాల్యూల వెక్టర్లు ఎప్పుడూ స్వతంత్రమే. కాబట్టి ఒక్కో వాల్యూ దగ్గర దొరికిన సంఖ్యలను నేరుగా కూడేయవచ్చు. A కి 2 + 1 = 3.

```
P = -1  1  1        D = 2 0 0
     1  0  2            0 2 0
     0  1  1            0 0 4
```

P, D లో వరుసక్రమం ఒకటే ఉండాలి. P లో మూడో నిలువువరుస (1, 2, 1) అయితే D లో మూడో అంకె 4. పరీక్షించడానికి నేను P⁻¹ తీయను. AP, PD గుణించి రెండూ సమానమా అని చూస్తాను. అయితే అదొక్కటే చాలదు, P కి విలోమం లేకపోయినా ఆ సమానత నిలుస్తుంది. అందుకే det P కూడా చూస్తాను. ఇక్కడ అది 2, సున్నా కాదు.

B కి λ = 2 దగ్గర x = −z, y = 2z. వెక్టరు (−1, 2, 1) ఒక్కటే. λ = 4 దగ్గర (1, 2, 1). మొత్తం రెండు. మూడోది కావాలని (−2, 4, 2) రాసినా, సున్నా వెక్టరు రాసినా ఒరిగేదేమీ లేదు. మొదటిది పాతదానికి రెట్టింపు, సున్నా వెక్టరు అసలు ఐగెన్ వెక్టరే కాదు. "det B = 16, విలోమం ఉంది కదా, ఎందుకు కాదు?" అని అడుగుతారు. విలోమం ఉండటానికీ డయాగొనలైజ్ అవడానికీ సంబంధం లేదు. సున్నా మాట్రిక్స్‌కి విలోమం లేదు, అయినా అది పుట్టుకతోనే వికర్ణ మాట్రిక్స్.

λ పెట్టి సమీకరణాలు సాధించాక ఒక్క ఫ్రీ వేరియబుల్ కూడా మిగలకపోతే, సున్నా వెక్టరు మాత్రమే వస్తే, "ఈ వాల్యూకి వెక్టర్లు లేవు" అని రాయకండి. అలా జరగదు. ఐగెన్ వాల్యూ తప్పు తీసి ఉంటారు, లేదా రో ఆపరేషన్లో ఎక్కడో గుర్తు తారుమారై ఉంటుంది. నాకైతే ఎక్కువసార్లు దొరికేది వికర్ణం మీద λ తీసేసేటప్పుడు జరిగిన పొరపాటే.

సమాధానం మీద ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక అడ్డదారి ఉంది. వేర్వేరు ఐగెన్ వాల్యూలను ఒక్కొక్కసారే తీసుకుని (A − 2I)(A − 4I) గుణించండి. సున్నా మాట్రిక్స్ వస్తే డయాగొనలైజ్ అవుతుంది, రాకపోతే కాదు. A కి తొమ్మిది స్థానాలూ సున్నాలే. B కి మొదటి వరుస, రెండో నిలువువరుస దగ్గరే 1 వస్తుంది. అక్కడే ఆపేయవచ్చు.

కంప్యూటర్‌తో చేసేటప్పుడు మాత్రం ఒక మెలిక ఉంది. `numpy.linalg.eig` కి B ఇస్తే అది దశాంశాలతో లెక్కిస్తుంది. ఇలా వెక్టరు కొరత ఉన్న వాల్యూ చిన్న రౌండింగ్ తేడాకే రెండుగా చీలిపోతుంది. పదహారో దశాంశం దగ్గరి తప్పు వాల్యూలో ఎనిమిదో దశాంశం దగ్గర తేలుతుంది. దాంతో 2 కి ఇటూ అటూ రెండు వేర్వేరు వాల్యూలు, దాదాపు ఒకే దిశలో రెండు వెక్టర్లు కనిపిస్తాయి. మూడు వాల్యూలూ వేరు కాబట్టి డయాగొనలైజ్ అవుతుందని మోసపోవడం తేలిక. అంకెలన్నీ పూర్ణాంకాలైతే ర్యాంకును ఖచ్చితమైన లెక్కతోనే తీయాలి:

```
from sympy import Matrix, eye
B = Matrix([[3,0,1],[2,4,-2],[1,1,1]])
print(3 - (B - 2*eye(3)).rank())   # 1
```

అదే సాధనంలో `B.is_diagonalizable()` అని నేరుగా అడగవచ్చు, B కి `False` అని చెబుతుంది. దానికి `reals_only=True` ఇచ్చే వీలు కూడా ఉంది, అది ఊరికే పెట్టింది కాదు. 0, −1, 1, 0 అంకెలున్న 2×2 భ్రమణ మాట్రిక్స్‌కి సమీకరణం λ² + 1 = 0. వాస్తవ సంఖ్యల్లో ఐగెన్ వాల్యూలే లేవు కాబట్టి అక్కడ డయాగొనలైజ్ కాదు. సంకీర్ణ సంఖ్యల్లో i, −i అని రెండు వేర్వేరు వాల్యూలు వస్తాయి, కాబట్టి అవుతుంది. ప్రశ్నలో ఏ సంఖ్యలమీద అని చెప్పకపోతే, నేను జవాబు పక్కన అది కూడా రాస్తాను.