లీవు మీద సంతకం ఎవరిది?

ఆదివారం, గాజువాక.

భోజనాలయ్యాక పాపను అమ్మ పక్కన పడుకోబెట్టి, నోట్‌బుక్ పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. ఉద్యోగం మారడానికి ప్రయత్నించాల్సిన ఇరవై కంపెనీల పట్టిక ఈరోజైనా పూర్తిచేయాలని. లేచేసరికి చీకటి పడింది.

పోయిన వారం రాసిన పట్టికలో ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. ఈరోజు పని అందులోంచి కొట్టేయడమే. ముందు స్టీల్‌ప్లాంట్, హెచ్‌పీసీఎల్ పోయాయి. అక్కడ ఉద్యోగం నోటిఫికేషన్‌తోనే వస్తుంది, లోపల ఎవరు తెలిసినా ప్రయోజనం లేదు. వాటికి వేరే కాగితం పెట్టాను. తర్వాత దూరం. చిప్పాడలోని దివీస్ భీమిలి వైపు, మేముండేది గాజువాక. చిన్నపిల్లతో రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నావల్ల కాదు. పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సు మా స్టాపు మీదుగా వెళ్లేవే ఉంచాను. లారస్‌కి ఆ రెండు చోట్లా యూనిట్లున్నాయి. మొదట ఒక్క పేరుగా రాశాను కానీ ఏ యూనిట్ ల్యాబ్ దానిదే, మనుషులు వేరు. అందుకని రెండు గళ్లు చేశాను.

పని కూడా చూసుకోవాలి. క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో, నా ఏడేళ్లూ ఏపీఐ మీదే, అంటే మందులో పనిచేసే అసలు పదార్థం మీదే గడిచాయి. హెచ్‌పీఎల్‌సీ, జీసీ, ఇంప్యూరిటీల పరీక్షలు. టాబ్లెట్లు చేసేచోట, మందు ఎంతసేపట్లో కరుగుతుందో చూసే డిసొల్యూషన్ పరీక్ష చేసినవాళ్లని అడుగుతారు, నేనది చేయలేదు. అలాంటివి ఐదు పట్టిక చివరికి జరిపాను, కొట్టేయలేదు. మొత్తానికి ఇరవై తేలాయి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఒక్కో కంపెనీ ఎదురుగా మూడు గళ్లు గీశాను: నా స్థాయిలో పనిచేసే మనిషి, నేను చేరితే నా పైన ఉండే మనిషి, హెచ్‌ఆర్. ఇన్నాళ్లూ నేను హెచ్‌ఆర్‌కే రెజ్యూమేలు పంపాను. ఎందుకు జవాబు రాలేదో ఇప్పుడు అర్థమవుతోంది. ఖాళీ ఉందని పైనుంచి మంజూరు అయ్యాకే హెచ్‌ఆర్ దగ్గరకు కాగితం వస్తుంది. అంతకు ముందే సెక్షన్‌లో ఎవరో రాజీనామా ఇచ్చి ఉంటారు. వాళ్ల నోటీసు రెండు నెలలో మూడు నెలలో నడుస్తూ ఉంటుంది. వాళ్లు వెళ్లాక శాంపిళ్లు ఎవరు చేస్తారని టెన్షన్ పడేది ఆ సెక్షన్ చూసే మనిషి. నా గురించి తెలియాల్సింది ఆ మనిషికి, ఆ రోజుల్లోనే.

ఆ మనిషి ఎవరన్నది హోదా చూస్తే తెలియదు. ఒకచోట మేనేజర్ అంటే ల్యాబ్ మొత్తం చూస్తారు, ఇంకోచోట నలుగురిని చూస్తారు. పట్టికలో ఏడో కంపెనీ విషయంలో నేను పొరబడ్డాను. లింక్డ్ఇన్‌లో క్యూసీ హెడ్ అని ఉన్నాయనకి మెసేజ్ రాసి, పంపే ముందు ఎందుకో ఆగాను. ఇదివరకు మా సెక్షన్‌లోనే పనిచేసిన అక్క ఇప్పుడు అక్కడే ఉంది. ఫోన్ చేశాను.

"ఆయన మానేసి చాన్నాళ్లయిందే. ప్రొఫైల్ మార్చుకోలేదు, అంతే," అంది.

"మరి మీ సెక్షన్ ఎవరు చూస్తున్నారక్కా?"

కాగితం మీద ఒకరట, పని అప్పజెప్పేది ఇంకొకరట. నాకు గందరగోళంగా అనిపించి, "నీ లీవు మీద సంతకం ఎవరు పెడతారు?" అని అడిగాను. వెంటనే పేరు చెప్పింది. స్టెబిలిటీ శాంపిళ్లు చూసే డిప్యూటీ మేనేజర్ గారు. ఆవిడ పేరు రెండో గడిలో రాశాను. ఇక మీద ప్రతి కంపెనీలోనూ ఇదే ప్రశ్న అడుగుతాను.

అక్క ఇంకో మాట కూడా చెప్పింది. "వెబ్‌సైట్‌లో ముందే అప్లై చేసెయ్యకు. నీ రెజ్యూమే వాళ్ల దగ్గర ముందే ఉంటే నేను రిఫర్ చేసినా ఇక్కడ లెక్కలోకి రాదు." ఇది నాకు తెలియదు. నాలుగు కంపెనీల్లో ఇప్పటికే అప్లై చేసేశాను. అక్కడా ఇదే పద్ధతో కాదో కనుక్కునేదాకా వాటి పక్కన చుక్క పెట్టాను.

భయం ఒకటుంది. ఇక్కడి ఫార్మాలో పెద్దవాళ్లంతా ఒకప్పుడు ఎక్కడో కలిసి పనిచేసినవాళ్లే. నేను వెతుకుతున్నట్టు మా సార్‌కి తెలిస్తే ఇంక్రిమెంట్ ముందు ఇబ్బంది. అందుకని రెండో గడిలో ప్రతి పేరుకీ పాత కంపెనీ ఏదో చూశాను. ముగ్గురు మా సార్‌తో పనిచేసినవాళ్లు. వాళ్లకి నేరుగా రాయను, మొదటి గడిలోని మనిషి ద్వారానే వెళ్తాను.

రాత్రికి చూస్తే మొదటి గళ్లు తొమ్మిది నిండాయి, రెండోవి నాలుగు. ఖాళీగా ఉన్నవాటిలో మూడు కంపెనీల బస్సులు పొద్దున ఆరున్నరకి మా స్టాపులోనే ఆగుతాయి. మెడలో ఐడీ కార్డులతో రోజూ నా పక్కనే నిలబడే అమ్మాయిలను ఇన్నాళ్లలో ఏ సెక్షన్ అని కూడా అడగలేదు. రేపు పది నిమిషాలు ముందే వెళ్తాను.