మా డాబా మీద 3 కిలోవాట్లు: పెట్టుబడి ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది? మొదటి ఏడాది లెక్క

విజయవాడలో మా ఇంటి డాబా మీద 2025 ఫిబ్రవరిలో సోలార్ పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఒక 3 కిలోవాట్ల ఇన్వర్టర్. స్ట్రక్చర్, వైరింగ్, ఎర్తింగ్, నెట్ మీటర్ అన్నీ కలిపి 1,95,000 రూపాయలయింది. పీఎం సూర్యఘర్ కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ. అంటే మా జేబులోంచి పోయింది 1,17,000. సబ్సిడీ ముందే తగ్గించి తీసుకోరు. ఇన్‌స్టాలర్‌కు పూర్తి డబ్బు కట్టాక, నెట్ మీటర్ పెట్టి కమిషనింగ్ అయ్యాక అది మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ 78 వేలు మధ్యలో ఎక్కడినుంచి సర్దాలో ముందే చూసుకోవాలి.

పెట్టించే ముందు వేసిన లెక్క

ఇన్‌స్టాలర్లు ఇచ్చే కాగితంలో ఒక తిరకాసు ఉంటుంది. నెలకు ఇన్ని యూనిట్లు, యూనిట్‌కు సగటున ఇంత అని గుణించి, ఖర్చును దానితో భాగించేస్తారు. మన బిల్లు అలా నడవదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ ముందుగా కోసేది పై స్లాబునే. కాబట్టి మొదటి కిలోవాట్ ఖరీదైన యూనిట్లను తప్పిస్తుంది, చివరి కిలోవాట్ చవక యూనిట్లను తప్పిస్తుంది.

నెలకు 400 యూనిట్లు వాడే ఇల్లు అనుకోండి. ఎనర్జీ ఛార్జీ 2,548 రూపాయలు. కిలోవాట్‌కు నెలకు 120 యూనిట్లు వస్తే మొదటి కిలోవాట్ 1,050 రూపాయలు మిగులుస్తుంది, రెండోది 871, మూడోది 540 మాత్రమే. నాకు 2 కిలోవాట్లకు చెప్పిన ధర 1,40,000. సబ్సిడీ పోగా 80 వేలు, నెలకు ఆదా 1,921, అంటే 42 నెలలు. 3 కిలోవాట్లకు 1,17,000, నెలకు 2,461, అంటే 48 నెలలు. ఇందులో మూడో కిలోవాట్‌ను విడిగా చూస్తే మనకు అదనంగా పడే ఖర్చు 37 వేలు, తెచ్చేది 540. దాని వంతు తీరడానికే 69 నెలలు కావాలి. ఎండాకాలంలో మా వాడకం 500 దాటుతుంది కాబట్టి నేను మూడుకే వెళ్లాను. ఏడాది పొడవునా 250 యూనిట్లలోపు వాడే ఇల్లయితే రెండు చాలు.

అప్పు చేసి పెట్టించేవాళ్లు వడ్డీ కూడా కలపాలి. 1,17,000 మీద ఏడాదికి 6 శాతం వేసుకుని, ఆదా అయినదంతా అప్పుకే కట్టినా 48 నెలలు కాస్తా 55 అవుతాయి.

నెల నెలా రాసుకునే పద్ధతి

సోలార్ వచ్చాక బిల్లు చూసి ఇంటి వాడకం ఎంతో చెప్పలేం. పగలు ప్యానెళ్ల నుంచి నేరుగా ఫ్రిజ్‌కో మోటారుకో వెళ్లిన కరెంటు నెట్ మీటర్ దాకా రానే రాదు. అసలు వాడకం కావాలంటే ఇన్వర్టర్ యాప్‌లో చూపే ఉత్పత్తిలోంచి గ్రిడ్‌కు పోయిన ఎక్స్‌పోర్ట్ తీసేసి, గ్రిడ్ నుంచి తీసుకున్న ఇంపోర్ట్ కలపాలి. మీటర్ రీడింగ్ తీసిన రోజే యాప్ అంకె కూడా రాసుకోవాలి, లేకపోతే నెలలు కలవవు.

షీట్‌లో A2 గడిలో యూనిట్లు వేస్తే ఎనర్జీ ఛార్జీ వచ్చే ఫార్ములా ఇది:

```
=MAX(0,A2)*1.9+MAX(0,A2-30)*1.1+MAX(0,A2-75)*1.5+MAX(0,A2-125)*1.5+MAX(0,A2-225)*2.75+MAX(0,A2-400)*1
```

అసలు వాడకానికి ఒకసారి, అందులోంచి ఉత్పత్తి తీసేస్తే మిగిలే నెట్ యూనిట్లకు ఒకసారి వేస్తే తేడాయే ఆ నెల ఆదా. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ సోలార్ ఉన్నా కట్టాలి కాబట్టి వాటిని కలపలేదు. సర్దుబాటు ఛార్జీలు మారుతుంటాయని అవీ వదిలేశాను. టారిఫ్ మారిన రోజు ఫార్ములా మార్చుకోవాలి.

తెలంగాణలో ఈ ఫార్ములా పనికిరాదు. అక్కడ నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే వేరే రేటు. 200 యూనిట్లకు 820 అయ్యేది, 210కి 1,097 అవుతుంది. అక్కడ నెట్ యూనిట్లను 200 కిందికి తెచ్చే ఆ చివరి కొన్ని యూనిట్లే బంగారం. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు ఉచితంగా వచ్చే ఇంట్లో మాత్రం తగ్గించడానికి బిల్లే లేదు కదా.

మే

వాడకం 540, ఉత్పత్తి 390, నెట్ 150. ఎనర్జీ ఛార్జీ 3,913 కావాల్సింది లెక్కలో 567 అయింది, ఆదా 3,346. అంత ఎండలో ఇంకా ఎక్కువ రావాలని మా ఆవిడ వాదన. ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీల దగ్గర ఇచ్చింది. మే మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలకు చేరుతుంది, డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 12 శాతం దాకా అక్కడే పోతుంది. మాకు మే కంటే మార్చిలోనే ఎక్కువ వచ్చింది, 425.

ఇంకో చిక్కు. సోలార్ ఉంది కదా అని ఏసీ పగలు కూడా వేయడం మొదలైంది. ఆ యూనిట్లను ఆదాలో కలిపితే పెట్టుబడి త్వరగా తిరిగొచ్చేసినట్టు కనిపిస్తుంది, నిజానికి మన చేతికి ఒక్క రూపాయీ మిగల్లేదు. అందుకే పాత బిల్లులు తీసి, కిందటేడు అదే నెల వాడకాన్ని మించిన యూనిట్లను ఆదాగా లెక్కపెట్టడం లేదు. పైన రాసిన 540 కూడా అలా కత్తిరించాక మిగిలిందే, నెట్ 150 కూడా దాని ప్రకారమే.

ఆగస్టు

మబ్బులు. ఉత్పత్తి 290, వాడకం 380, ఆదా 2,114. వానలకు ప్యానెళ్లు వాటంతటవే శుభ్రపడ్డాయి, పైకెక్కి కడిగే పని తప్పింది.

డిసెంబర్

ఏసీలు బంద్, వాడకం 230. ఉత్పత్తి 340. ఆదా 1,061 దగ్గర ఆగిపోయింది, మిగతా 110 యూనిట్లు తర్వాతి నెలకు వెళ్లాయి. బిల్లు సున్నా అయ్యాక ఎంత ఉత్పత్తి చేసినా ఆ నెలకు వచ్చేదేమీ లేదు. మిగులు యూనిట్లకు సెటిల్‌మెంట్‌లో ఇచ్చే ధర మనం తప్పించుకునే పై స్లాబు ధరకు దరిదాపుల్లో ఉండదు. అందుకే వాటిని షీట్‌లో వేరే గడిలో ఉంచాను, డబ్బుగా మార్చలేదు.

ఈ నెలలోనే యాప్ గ్రాఫ్‌లో ఒకటి కనిపించింది. మబ్బు లేని రోజుల్లో కూడా మధ్యాహ్నం రెండున్నర తర్వాత గీత ఒక్కసారిగా కిందికి పడుతోంది. మబ్బయితే గీత రోజుకో చోట రంపపు పళ్లలా ఉంటుంది. రోజూ ఒకే వేళకు పడితే అది నీడ. నైరుతి మూలన ఉన్న నీళ్ల ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద పడుతోంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు, విజయవాడలో డిసెంబర్ మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. వేసవిలో చూసి డాబా ఖరారు చేస్తే ఈ నీడ కనబడదు. పోయేది రోజుకు ఒక యూనిట్, అదీ మిగులే ఉన్న నెలల్లో. ట్యాంకు జరపడానికి ప్లంబర్‌కు ఇచ్చే డబ్బు ఆ యూనిట్లలో తిరిగి రాదు, వదిలేశాను.

ఇప్పటికి

ఏడాదికి ఆదా 26 వేలు, ఇంకా తీరాల్సింది 91 వేలు. ఇదే తీరున వెళ్తే మొత్తం 54 నెలలు, కాగితం మీద వేసిన 48 కాదు. ఆ ఆరు నెలల తేడా ఎక్కువగా చలికాలపు మిగులు వల్లే. ఇప్పుడు పెట్టించేవాళ్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాన్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి మొదలే మాకంటే తక్కువలో అవుతుంది. కొటేషన్‌లో ఆ తగ్గింపు కనిపిస్తోందో లేదో అడిగి చూసుకోండి.