దేనికొచ్చావో చెప్పు

పోయిన నెలలో ఒక మంగళవారం మా ప్రొడ్యూసర్ నా స్క్రిప్టు చేతిలోకి తీసుకుని, స్టాప్‌వాచ్ నొక్కి, పైకి చదవడం మొదలుపెట్టారు. 38 సెకన్ల దగ్గర ఆపేశారు. కళ్లజోడు మీదుగా నన్ను చూసి, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ వీళ్లు దేనికొచ్చినట్టు?" అన్నారు. గదిలో ఇంకో ముగ్గురున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

డబ్లిన్ వచ్చి నాలుగేళ్లయింది. కంపెనీలకు చిన్న చిన్న వీడియోలు చేసిపెట్టే స్టూడియోలో స్క్రిప్టులు రాస్తాను. మా ప్రొడ్యూసరావిడకి అరవై దగ్గర పడ్డాయి. ఇక్కడ అందర్నీ పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక, ఈ నాలుగేళ్లూ ఆవిణ్ణి ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. అలాంటి మనిషి నలుగురిలో ఆ మాట అనేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా కోపానికి కారణం ఇంకొకటి కూడా ఉంది. ఈ ఊళ్లో మనుషులేమీ ముక్కుసూటి మనుషులు కారు. టీ కావాలా అంటే మనలాగే రెండుసార్లు వద్దంటారు, మూడోసారి అడిగితే సరే అంటారు. పని మాట ఎత్తే ముందు వాన గురించి పది నిమిషాలు మాట్లాడతారు. మనం కాఫీలూ కుశలప్రశ్నలూ అయ్యాక గానీ విషయానికి రానట్టే. మరి స్క్రిప్టు దగ్గరికి వచ్చేసరికి ఆ మర్యాదంతా ఏమైపోతుంది?

ఆ వీడియో మూడు నిమిషాలది. మందుల షాపు ఫ్రిజ్‌లో పెట్టే చిన్న సెన్సర్ గురించి. ఇన్సులిన్, టీకాల్లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కదా, ఆ వేడిని ఈ పెట్టె ఎప్పటికప్పుడు కొలిచి, తేడా వస్తే షాపు యజమాని ఫోన్‌కి కబురు పెడుతుంది. నేను కంపెనీ ఎలా మొదలైంది, ఎంతమంది ఇంజనీర్లున్నారు, నాణ్యత మీద వాళ్లకి ఎంత పట్టింపు, ఇవన్నీ చెప్పి, తర్వాత పెట్టెలోని ఏడు ప్రత్యేకతలు వరసగా రాశాను. శుభలేఖల్లో పెద్దల పేర్లు ముందు వేసినట్టు, పరిచయం లేకుండా విషయంలోకి ఎలా దిగుతాం అని నా ఉద్దేశం.

మొత్తం 610 మాటలు. ఇంగ్లీషులో వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లు నింపాదిగా చదివితే నిమిషానికి 140 మాటలు నడుస్తాయి. అంటే నాది నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. మూడు నిమిషాలంటే లెక్కకి 420, కానీ బొమ్మ చూడ్డానికి ఇచ్చే ఖాళీలు కూడా అందులోంచే పోవాలి కాబట్టి 400 దగ్గర ఆగడం మంచిది. పైగా కాగితం మీద ఒకే మాటలా కనిపించే 2–8°C నోటితో చెబితే అయిదు మాటలవుతుంది. కంప్యూటర్ చూపించే లెక్కని నమ్మి చాలాసార్లు మోసపోయాను. పైకి చదివి చూసుకున్నదే అసలు లెక్క. (తెలుగులో ఈ లెక్క అస్సలు పనికిరాదు. "వెళ్లలేకపోయినందువల్ల" మనకి ఒక్క మాటే. ఒకసారి సరదాకి చదివి చూసుకుంటే నాకు నిమిషానికి వంద మాటలు కూడా దాటలేదు.)

మర్నాడు ఆవిడ నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నిన్నటి మాటకి సారీ ఏమీ చెప్పలేదు. "ఈ ఫ్రిజ్ వల్ల మందుల షాపతనికి అన్నిటికన్నా పాడురోజు ఏది?" అని అడిగారు. తెలియదన్నాను. "తెలియకుండా 610 మాటలు రాశావా?" అని, పై వీధిలో తనకి తెలిసిన ఫార్మసిస్టు దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన చెప్పింది ఇదీ. సోమవారం పొద్దున షాపు తెరిస్తే ఫ్రిజ్ తలుపు ఓరగా తీసి ఉంటుంది. లోపల 13 డిగ్రీలు. శనివారం సాయంత్రం నుంచీ అలాగే ఉందా, గంట కిందటే తెరుచుకుందా? అది తెలిస్తే మందు కంపెనీలకి ఫోన్ చేసి, ఇంత వేడిలో ఇంతసేపు ఉంది, వాడొచ్చా అని అడగొచ్చు. తెలియకపోతే చెడ్డదే అనుకోవాలి. ఆ సరుకంతా పక్కన పెట్టాలి, చాలావరకు పారెయ్యాలి. "వేడి కన్నా, ఎంతసేపన్నది తెలియకపోవడమే నన్ను చంపుతుంది" అన్నారాయన.

వెనక్కి నడుస్తుండగా హుక్ దొరికింది, అంటే చూసేవాణ్ణి మొదట్లోనే పట్టి కూర్చోబెట్టే ముక్క. సోమవారం పొద్దున, తాళం చెవి శబ్దం, ఓరగా ఉన్న తలుపు, ఆ తర్వాత ఒకే ప్రశ్న: "ఎంతసేపటి నుంచి?" ఇరవై సెకన్లు కూడా పట్టదు. కంపెనీ పేరు లేదు, పెట్టె పేరు లేదు. చూసేవాడు ఫార్మసిస్టయితే వేలు స్కిప్ మీదికి పోదు. హుక్ సరైనదో కాదో చూడ్డానికి ఆవిడ చెప్పిన చిట్కా ఒకటుంది: మొదటి ఇరవై సెకన్లు పక్క కంపెనీ వీడియోకి అతికించి చూడు, అక్కడా సరిపోతే అది హుక్ కాదు. నా పాత మొదలు సిమెంటు కంపెనీకి కూడా సరిపోతుంది.

తర్వాతి అరనిమిషం ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే ఏమవుతుందో చెప్పింది: పక్కన పెట్టిన డబ్బాలు, ఫోన్లు, కౌంటర్ దగ్గర ఇన్సులిన్ కోసం నిలబడ్డ మనిషి. అప్పుడు గానీ పెట్టె తెర మీదికి రాలేదు. అది ఏమిటో ఒక్క వాక్యం, ఎలా పనిచేస్తుందో మూడు అడుగులు: లోపల పెట్టు, ఫోన్‌కి కలుపు, మర్చిపో. అక్కడికి నిమిషంన్నర.

అసలు గొడవ లాభాల దగ్గర. నేను "అయిదు నిమిషాలకొక రీడింగు" అని రాస్తే ఆవిడ "అయితే?" అన్నారు. తేడా వస్తే వెంటనే తెలుస్తుందన్నాను. "అయితే?" ఆదివారం రాత్రి తొమ్మిదికి తలుపు తెరుచుకుంటే పావుగంటలో ఫోన్ మోగుతుంది. "అయితే?" వెళ్లి తలుపు వేసొస్తాడు, సోమవారం మందులు పారెయ్యక్కర్లేదు. అక్కడ ఆగారు. చిన్నప్పుడు లెక్కల మాస్టారి ముందు నిలబడ్డట్టే ఉంది గానీ, ఏడు ప్రత్యేకతల్లో నాలుగు మొదటి "అయితే?"కే కూలిపోయాయి. మిగిలిన మూడింటిలో హుక్‌లో అడిగిన ప్రశ్నకి జవాబిచ్చేది ముందు రావాలి: ఎంతసేపు, ఎంత వేడి అన్న రికార్డు చేతిలో ఉంటుంది. తర్వాత ఆదివారం రాత్రి ఫోను. చివర, రోజూ చేత్తో రాసే రిజిస్టరు పని తప్పడం. ఒక్కోదానికి ఇరవై సెకన్లు.

ఉత్సాహం పట్టలేక "ఇక మీ మందులు ఎప్పటికీ పాడవవు" అని ఒక వాక్యం చేర్చాను. ఎర్ర పెన్నుతో కొట్టేశారు. పెట్టె చల్లబరచదు, చెబుతుందంతే. కంపెనీ లాయరు ఎలాగూ పట్టుకుంటాడు. కానీ అప్పటికి బొమ్మలు గీసేసి, గొంతు రికార్డు చేసేసి ఉంటే ఒక్క వాక్యం మార్చడానికి వారం పోతుంది. అందుకే స్క్రిప్టు మీద అందరూ సంతకం పెట్టేదాకా ఆవిడ ఒక్క బొమ్మ కూడా గీయనివ్వరు.

ఇవన్నీ ఒప్పుకున్నాను. ఒప్పుకోలేకపోయింది ముగింపు.

చివర నేను రాసింది: మరిన్ని వివరాలకు మా వెబ్‌సైటు చూడండి, బ్రోషర్ డౌన్‌లోడ్ చేసుకోండి, సోషల్ మీడియాలో ఫాలో అవ్వండి, ఏ సందేహమున్నా ఫోన్ చెయ్యండి. ఆవిడ అన్నారు, "నాలుగు అడిగావు, అంటే ఏమీ అడగలేదు." మూడు నిమిషాలు విన్నవాడికి ఒకే పని చెప్పాలట. అదీ రేపు పొద్దున చేయగలిగేంత చిన్నది. నాకది మొహమాటంగా ఉంది. విన్నాడు కదా, ఇష్టమైతే వాడే వస్తాడు, మొహం మీద అడగడమేమిటి?

మా నాన్న నా ఇంజనీరింగు ఫీజుకి అప్పు అడగడానికి తెనాలిలో పెదనాన్న ఇంటికి వెళ్లిన రోజు గుర్తొచ్చింది. రెండు గంటలు కూర్చున్నారు. మినుముల ధర మాట్లాడుకున్నారు, కాలవ నీళ్ల గురించి మాట్లాడుకున్నారు, కాఫీ తాగారు, నాన్న అడక్కుండానే బస్సెక్కి వచ్చేశారు. రాత్రి పెదనాన్నే ఫోన్ చేశారు. "ఏరా, దేనికొచ్చావో చెప్పకుండా వెళ్లావు. ఎంత కావాలి?" మర్నాడే డబ్బు అందింది. నేను పెరిగింది ఆ ఫోన్ వచ్చే లోకంలో. ఈ మాట ఆవిడకి చెబితే చాలాసేపు నవ్వి, వాళ్ల నాన్న కూడా అచ్చం ఇలాగే చేసేవాడన్నారు. తర్వాత, "కానీ వీడియో చూసినవాడు మీ పెదనాన్న కాడు, రాత్రి ఫోన్ చెయ్యడు" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

చివరి ఇరవై సెకన్లు ఇలా తయారైంది: "ఒక్క ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. పద్నాలుగు రోజులు, ఉచితంగా. ఇక్కడ మీ షాపు పేరు ఇవ్వండి, పెట్టె మేం పంపిస్తాం." తెర మీద చిన్న చిరునామా ఒకటి, ఎనిమిది సెకన్లు కదలకుండా. ఆ ఎనిమిది సెకన్లలో గొంతు ఇంకేమీ చెప్పదు. అంతకు ముందు ఆ ఫార్మసిస్టు సొంత మాట ఒకటి, ఆయన అనుమతితో.

మొత్తం 405 మాటలు. ఆవిడ మళ్లీ స్టాప్‌వాచ్ నొక్కి చదివారు, రెండు నిమిషాల 54 సెకన్లు. తర్వాత రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిని పిలిచి, ఒక్కసారి వినిపించి, "నీకు మందుల షాపు ఉందనుకో, ఇప్పుడు ఏం చేస్తావ్?" అని అడిగారు. "షాపు పేరు ఇచ్చి పెట్టె తెప్పించుకుంటాను" అంది. పాత స్క్రిప్టు వినిపిస్తే, "బాగుంది, పెద్ద కంపెనీ లాగుంది" అంది. ఆవిడ నా వైపు చూసి "గ్రాండ్" అన్నారు. ఇక్కడ ఆ మాటకి పరవాలేదు అని మాత్రమే అర్థం.

డిసెంబరులో చెల్లి పెళ్లి. మూడు వారాల సెలవు కావాలి. నిన్న రాత్రి ఆవిడకి మెయిలు రాయడానికి కూర్చుని, మొదటి లైనులోనే తేదీలు పెట్టి, పెళ్లనీ సెలవు కావాలనీ సూటిగా రాసేశాను. చదివితే ఎవరో కసురుకున్నట్టుంది. పైన ఒక లైను చేర్చాను, ఈ వారం వానలు మరీ ఎక్కువగా ఉన్నాయి, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది అని.