గుండు, పిలక, ఒక ఎర్ర కారు

మా పెద్దదానికి అయిదేళ్లు, చిన్నవాడికి మూడు దాటి నాలుగు నెలలు. ఇద్దరి మధ్యా ఒక ఎర్ర కారు ఉంది. ఇంట్లో మరో పదకొండు కార్లున్నాయి కానీ అవి లెక్కలోకి రావు. ఒకరి చేతిలో ఏది కదులుతుంటే రెండోవారికి అదే కావాలి.

గొడవ మొదలైనప్పుడల్లా నేను "పంచుకోండి" అనేవాణ్ణి. ఎన్నో నెలల తర్వాత గానీ ఆ మాటలోని తిరకాసు నాకు తట్టలేదు. తెలుగులో పంచుకోవడమంటే ముక్కలు చేసి తలా కొంత తీసుకోవడం. కారును ఎలా ముక్కలు చేస్తాం? ఫోనులో మా అమ్మ చెప్పేది ఇంకొకటి: "పెద్దదానివి కదమ్మా, తమ్ముడికి ఇచ్చెయ్యి." ఇచ్చెయ్యడమంటే వదులుకోవడం. అది పంచుకోవడమూ కాదు, అయిదేళ్ల పిల్లకు న్యాయంగా తోచేదీ కాదు. బడిలో వీళ్లకు నేర్పేది మూడోది: కాసేపు నువ్వు, కాసేపు నేను. దానికి తెలుగులో "వంతు" అనే చక్కటి మాట ఉంది. కానీ మా ఇంట్లో దాన్ని నేను ఎప్పుడూ పలకలేదు. అందుకే కారు దగ్గరికి వచ్చేసరికి పిల్లలిద్దరూ టక్కున బడి భాషలోకి మారిపోయేవారు. దెబ్బలాడుకోవడానికి తెలుగు, రాజీపడటానికి ఇంకో భాష.

బొమ్మలాట ఆలోచన అలా పుట్టింది. జత తప్పిన రెండు మేజోళ్లు తీసుకున్నాను. ఒకదానికి నెత్తిన నల్ల ఊలు కుచ్చు కుట్టాను, అది పిలక. రెండోదానికి ఏమీ కుట్టలేదు, అది గుండు. కళ్లకు గుండీలు పెట్టాలనుకున్నాను కానీ మావాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే రకం. అవి ఊడితే గొంతుకు అడ్డం పడతాయని మార్కరుతో గీసి సరిపెట్టాను.

మొదటి ఆట నేను పూర్తిగా చెడగొట్టాను. కారు లాక్కునే బొమ్మకు తెలుగు ఇచ్చాను, ఎందుకంటే నాకు నవ్వించడం తెలుగులోనే వచ్చు. మర్యాదగా అడిగే బొమ్మకు బడి భాష ఇచ్చాను, ఎందుకంటే ఆ వాక్యాలు టీచర్ల దగ్గర విన్నవి. ఆట అయ్యాక మా అమ్మాయి అడిగింది: "నాన్నా, తెలుగు బొమ్మకు మర్యాద తెలియదా?" ఆ రాత్రే మొత్తం తిరగరాశాను. ఇప్పుడు రెండు బొమ్మలకూ తెలుగు ఒక్కటే వచ్చు. పైగా లాక్కునే పని ఒక రోజు పిలకది, ఇంకో రోజు గుండుది. ఎప్పుడూ ఒకే బొమ్మ తప్పు చేస్తే పిల్లలు దానికి చెడ్డబొమ్మ అని ముద్ర వేస్తారు, ఇక దాని మాట వినరు.

ఇంకో చిక్కు, మర్యాద మాటల అనువాదం. ముందు రాసుకున్న దాంట్లో గుండు "దయచేసి" అంది. తెలుగు ఇంట్లో ఏ అన్నా ఏ చెల్లితోనూ దయచేసి అనగా నేను వినలేదు. మన మర్యాద క్రియ చివర్లో ఉంటుంది. "ఇవ్వు" అంటే ఆజ్ఞ, "ఇస్తావా" అంటే అడగడం. అందుకని ఆట మొత్తానికి రెండే వాక్యాలు ఎంచుకున్నాను: "నీ వంతు అయ్యాక నాకు ఇస్తావా?", ఇచ్చేటప్పుడు "ఇదిగో, తీసుకో." మూడేళ్లవాడు మోయగలిగింది అంతే.

ఆట నిడివి నాలుగు నిమిషాలు. ఇదిగో:

(ఎడమ చేతికి గుండు, కుడి చేతికి పిలక. బల్ల మీద ఎర్ర కారు.)

గుండు: (కారును ముందుకూ వెనక్కూ తోస్తూ) డుర్ర్ర్... డుర్ర్ర్...

పిలక: (వచ్చి ఆగి, కారును చూసి, పిల్లల వైపు చూసి) అబ్బ, ఎర్ర కారు! నాకూ కావాలి.

(పిలక కారు పట్టుకుంటుంది. మూడు లెక్కపెట్టేంతసేపు చెరోవైపు లాగుతారు. కారు బోర్లా పడుతుంది. ఇద్దరూ కదలకుండా ఆగిపోతారు.)

గుండు: కారు పడిపోయింది.

పిలక: ఇప్పుడు నువ్వూ ఆడటం లేదు, నేనూ ఆడటం లేదు.

గుండు: నాకు కోపం వచ్చింది. నా ఆట ఇంకా అవలేదు.

పిలక: (పిల్లల వైపు తిరిగి) లాగితే కారు రాలేదు. మరి ఏమని అడగాలి? మీకు తెలుసా?

(ఇక్కడ ఆగాలి. పిల్లలు చెప్పేదాకా, కనీసం మనసులో పది లెక్కపెట్టేదాకా.)

పిలక: గుండూ, నీ వంతు అయ్యాక నాకు ఇస్తావా?

గుండు: ఇస్తాను. కానీ పది లెక్కపెట్టేదాకా నా వంతు.

పిలక: అమ్మో, పది దాకానా! (తల వేలాడేసి) నాకు ఆగడం రాదు. పిల్లలూ, నాతోపాటు లెక్కపెడతారా?

(అందరూ చప్పట్లతో: ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర పిలక కారు వైపు వంగి, ఉలిక్కిపడి తనే వెనక్కి తగ్గుతుంది. ...పది.)

పిలక: అయిందా?

గుండు: అయింది. ఇదిగో, తీసుకో. ఇప్పుడు నీ వంతు.

పిలక: డుర్ర్ర్... మరి నువ్వేం చేస్తావు?

గుండు: నేను సిగ్నల్ దీపాన్ని. ఆగు... ఆగు... ఇప్పుడు వెళ్లు! మళ్లీ నా వంతు వస్తుందా?

పిలక: వస్తుంది. (పిల్లలతో) ఎంతదాకా లెక్కపెట్టాలి?

(పిల్లలు "పది" అనగానే ఆట ముగుస్తుంది.)

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం "నాకు ఆగడం రాదు" అన్నది. వినడానికి ఏమంత గొప్పగా ఉండదు. కానీ మావాడి అసలు బాధ అదే. అడగడం వాడికి త్వరగానే వచ్చింది. అడిగాక ఖాళీ చేతులతో నిలబడటం రాలేదు. ఆ మాట వాడిని అంటే అది తిట్టు అవుతుంది. అదే మేజోడు తన గురించి తాను అంటే వాడికి జాలి కలుగుతుంది, సాయం చేయడానికి ముందుకొస్తాడు. లెక్కపెట్టడం వాడి పని అయిపోతుంది. ఇంకొకరికి ఆగడం నేర్పుతూ తనూ పది లెక్కలు ఆగుతాడు.

చప్పట్లు ఎందుకంటే, అవి లేకపోతే ఒకటి, రెండు తర్వాత నేరుగా పదికి దూకుతారు. చప్పట్లుంటే ఒక్కో అంకెకూ ఒక్కో దెబ్బ పడాలి కాబట్టి వేగం అదుపులో ఉంటుంది. పదికి దాదాపు పది సెకన్లు పడుతుంది. పెద్దలకు అది ఏమీ కాదు, మూడేళ్లవాడికి బోలెడంత. మా ఇంట్లో మూడు వారాలు పది దగ్గరే ఉండి, తర్వాత ఇరవైకి వెళ్లాం. ఇరవై దాటాక ఒక నిమిషం ఇసుక గడియారం పెట్టాం. ముందే గడియారం పెట్టి ఒకసారి దెబ్బతిన్నాను, కారును వదిలేసి ఇద్దరూ దానికోసం కొట్టుకున్నారు. లెక్కపెట్టడంలో నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది. మావాడు అంతకుముందు తెలుగులో అయిదు దాటి వెళ్లేవాడు కాదు.

లాగే సన్నివేశాన్ని మూడు లెక్కలకు మించి సాగనివ్వకండి. మొదటిసారి నేను ఊపు మీద చాలాసేపు లాగించాను, బొమ్మలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి కూడా. పిల్లలు పడీ పడీ నవ్వారు, మిగతా ఆట వినలేదు, సాయంత్రం అచ్చం అలాగే తోసుకున్నారు. పిల్లలకు గుర్తుండేది నవ్వొచ్చిన చోటు. అందుకే ఇప్పుడు నవ్వును ఏడు దగ్గర పిలక ఉలిక్కిపాటుకు మార్చాను. లాగడం అయ్యాక వచ్చే నిశ్శబ్దాన్ని మాత్రం మాటలతో నింపను.

ఆడించే తీరు గురించి ఒక్క సంగతి. మాట్లాడే బొమ్మ మాత్రమే కదలాలి, రెండోది దాని వైపు చూస్తూ నిశ్చలంగా ఉండాలి. రెండూ ఊగుతుంటే ఎవరు మాట్లాడుతున్నారో పిల్లలకు తెలియదు. నోరు తెరవడానికి పైనున్న నాలుగు వేళ్లూ ఎగరేయకుండా బొటనవేలు కిందికి దించితే బొమ్మ చూపు పిల్లల మీదే నిలుస్తుంది. నేను బొమ్మల వెనక దాక్కోను కూడా. నా పెదవులు కదలడం వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, అయినా జవాబు మేజోడికే చెబుతారు.

మధ్యలో ప్రశ్న వచ్చినప్పుడు మా అమ్మాయి సగంసార్లు బడి భాషలోనే జవాబిస్తుంది. అప్పుడు పిలక చెవి గుండు వైపు వంచుతుంది, గుండు ఆ జవాబునే తెలుగులో గుసగుసగా చెబుతుంది, పిలక దాన్ని అందుకుని ఆట కొనసాగిస్తుంది. "తెలుగులో చెప్పు" అని ఆటను ఆపను. ఒకసారి ఆపాను, అమ్మాయి లేచి వెళ్లిపోయింది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. నిజం గొడవ మధ్యలోకి గుండును తొడుక్కుని వెళ్లి "లాక్కోవచ్చా? వంతు ఏమైంది?" అని గద్దించాను. మావాడు నా చేతి నుంచి మేజోడు పీకి సోఫా వెనక పడేశాడు, వారం పాటు దాని ముఖం చూడలేదు. వాడిది న్యాయమే. తోటివాడనుకున్న బొమ్మ హఠాత్తుగా నాన్న అయిపోయింది. అప్పటి నుంచి ఆట కడుపు నిండి, నిద్ర ముంచుకురాని వేళల్లో మాత్రమే. గొడవ వేళ నేను ఉత్త చేతులతో వెళ్లి "పది?" అని మాత్రం అంటాను. పది అయ్యాక కూడా వదలకపోతే "ఆఖరి చుట్టు" అని ఒకటి ఇస్తాను, ఆపైన నా చేత్తోనే కారు తీసి అక్కకు అందిస్తాను. ఆ పని మేజోడి చేత చేయిస్తే ఆట మొత్తం అబద్ధమైపోతుంది.

వంతులకు రానివి కొన్ని ఉన్నాయి. వాడు నిద్రపోయేటప్పుడు పట్టుకునే దుప్పటి, అక్క పుట్టినరోజు బొమ్మ. స్నేహితులు వచ్చే ముందు వాటిని పిల్లల చేతే అల్మారాలో పెట్టిస్తాం. ఆ రెండూ లోపల ఉన్నాయన్న ధైర్యంతో మిగతావాటి మీద పట్టు కాస్త సడలుతుంది.

ఆరు వారాలైంది. మొన్న వంటగదిలో ఉంటే పక్క గది నుంచి "నీ వంతు అయ్యాక..." అని వినిపించింది. వాక్యం చివర "ఇస్తావా" లేదు, "ఇచ్చెయ్యి" ఉంది. పోనీలే అనుకున్నాను. ఆ తర్వాత లెక్క మొదలైంది, ఎనిమిది దగ్గర ఏడుపు కూడా మొదలైంది. అయినా కారు చేతులు మారింది.

శనివారం పక్కింటి అబ్బాయి వచ్చాడు. ఇద్దరి వంతులు తెలిసిన ఇంట్లో మూడోవాడి వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఇంకో ఒంటి మేజోడు తెచ్చి నా ముందు పెట్టింది. నాకున్నవి రెండు చేతులే అంటే, పిలకను నా చేతి నుంచి ఊడదీసి తను తొడుక్కుంది.