పాత మూకుళ్లకు 24 లక్షలా?

కావలిలో మా మేనమామ చెప్పిన మిఠాయి కొట్టు కొందామని చూడడానికి వెళ్లినప్పుడు నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. కనిపించిన సామానంతా అందులో రాసుకున్నాను. రెండు గ్యాస్ బట్టీలు, మూకుళ్లు, బూందీ చట్రాలు, అద్దాల బీరువాలు, పిండి కలిపే మెషిన్, ఫ్రిజ్, కాటా. సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఐదున్నర లక్షలు వస్తాయి. చక్కెర, నెయ్యి, శనగపిండి సరుకు లక్షన్నర. కొట్టు గది అడ్వాన్సు రెండు లక్షలు. మొత్తం 9 లక్షలు. కొట్టు యజమాని పెద్దాయన అడిగింది 24.

"మిగతా 15 దేనికండీ?" అన్నాను.

"దేనికేంది నాయనా, పేరుకి! ముప్ఫై ఏళ్ల పేరు."

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నాకు మింగుడుపడలేదు. పేరును తూకం వేసే కాటా ఎక్కడుంది? నెల్లూరులో మా ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లి, ఆయన మోసం చేస్తున్నాడా అని అడిగాను. ఆడిటర్ నవ్వి, "పేరుకు విలువ ఉంటుంది. ఎంత అన్నదే గొడవ. ముందు మూడేళ్ల లెక్కలు పట్టుకురా" అన్నారు.

లెక్కల ప్రకారం సగటున ఏడాదికి 10 లక్షల 20 వేల లాభం. చూడగానే నాకు సంబరమేసింది. ఆడిటర్ మాత్రం పెన్సిల్ తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టారు. పెద్దాయన పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, జీతం రాసుకోడు. ఆ పనికి మనిషిని పెడితే నెలకు 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. లడ్డు, మలై కాజా చేసేది ఆయన తమ్ముడు. అతనికీ జీతం లేదు, ఇంట్లోనే భోజనం, చేతి ఖర్చులు. అలాంటి మాస్టర్‌ని బయట తెచ్చుకుంటే ఇంకో 3 లక్షలు. అద్దె కూడా పాత రేటే. ఇంటి ఓనరు నాకైతే నెలకు 5 వేలు పెంచుతానని ముందే చెప్పాడు, అంటే ఏడాదికి 60 వేలు. ఇవన్నీ పోతే మిగిలింది 3 లక్షల 60 వేలు.

"ఇదంతా పేరు వల్ల వచ్చిందేనా?" అని ఆయనే ప్రశ్న వేసి ఆయనే జవాబు చెప్పారు. కాదు. నా 9 లక్షలు ఏ వ్యాపారంలో పెట్టినా రిస్కుకు తగ్గట్టు 12 శాతమైనా రావాలి. అది లక్షా 8 వేలు. అది కూడా తీసేస్తే 2 లక్షల 52 వేలు. కొత్తగా బోర్డు పెట్టి ఇవే మూకుళ్లతో కూర్చున్నవాడికి రాని డబ్బు అది. ఈ కొట్టుకు అదనంగా వచ్చేది అంతే. పేరుకు కట్టే విలువనే గుడ్‌విల్ అంటారు, కొనేవాడు అది చెల్లించేది ఈ అదనపు లాభానికే. ఎన్నేళ్లది ముందుగా ఇవ్వాలన్నది బేరం. మనుషుల చేతి మీద నడిచే చిన్న కొట్టుకు మూడేళ్లకు మించి ఇవ్వొద్దన్నారు ఆడిటర్. మూడు రెట్లు వేస్తే సుమారు ఏడున్నర లక్షలు. 9 కలిపితే పదహారున్నర.

అప్పుడు ఆయన పిల్లి, కుక్క కథ చెప్పారు. 1934లో ఇంగ్లాండ్‌లో ఒక కేసులో జడ్జీలు కొనుగోలుదారులను జంతువులతో పోల్చారట. పిల్లి ఇల్లు మారదు, యజమాని మారినా అక్కడే ఉంటుంది. కుక్క మనిషి వెంట పోతుంది. ఎలుకకు ఇల్లూ పట్టదు, మనిషీ పట్టదు. "నువ్వు డబ్బులిచ్చేది పిల్లులకు. కుక్కలెన్నో చూసుకో."

దానికి నేను రెండు ఆదివారాలు కొట్టు ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చున్నాను. పావుకిలో కారప్పూస కొనేవాళ్లలో చాలామంది దారినపోయేవాళ్లు. వాళ్లకు కొట్టు ఎవరిదైనా ఒకటే. అసలు డబ్బు సారె ఆర్డర్లలో ఉంది. పెళ్లికి, సీమంతానికి లడ్డు, అరిసెలు కిలోల లెక్కన చేయించుకుంటారు. పెద్దాయన ఆర్డర్ పుస్తకం అడిగి ఫోన్ నంబర్లు పోల్చి చూశాను. పోయిన ఏడాది పెద్ద ఆర్డర్లు ఇచ్చిన 61 ఇళ్లలో 38 అంతకుముందు రెండేళ్లలో కూడా ఇచ్చినవే. వాటిలో కొందరికి నేనే ఫోన్ చేశాను. "వాళ్ల తమ్ముడి చేతి లడ్డు" అనే మాట మళ్లీ మళ్లీ వినపడింది. అక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. తమ్ముడు రేపు ఎదురుగా కొట్టు పెడితే?

మామూలుగా వ్యాపారం చేయకూడదని ఒకరిని కట్టేసే ఒప్పందం మన దేశంలో చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అది. కానీ గుడ్‌విల్ అమ్మినవాడి విషయంలో దానికి మినహాయింపు ఉంది. ఫలానా హద్దుల్లో అదే వ్యాపారం పెట్టనని ఆయన రాసివ్వచ్చు, ఆ హద్దులు న్యాయంగా ఉండాలి. కావలి ఊరు, చుట్టూ పది కిలోమీటర్లు, ఐదేళ్లు అని రాసుకున్నాం. అయితే కొట్టు లైసెన్సులన్నీ అన్న పేరు మీద ఉన్నాయి, అమ్మేది అన్న ఒక్కడే. ఆ మినహాయింపు తమ్ముడికి అంటదు. "అన్నను కాగితంతో కట్టు, తమ్ముణ్ని జీతంతో కట్టు" అన్నారు ఆడిటర్. అతన్ని కూర్చోబెట్టి మాట్లాడితే నెలకు 25 వేలకు ఒప్పుకున్నాడు. మొదటిసారి తన పేరు మీద జీతం వస్తోందని అతనికే ఎక్కువ సంతోషం.

24 దగ్గర్నుంచి పదహారున్నరకు దిగడానికి మూడు వారాలు పట్టింది. పెద్దాయన నొచ్చుకున్నాడు, నిజమే. ఆడిటర్ కాగితం చూపించి, తమ్ముడి జీతం కలపకుండా లాభం చూపించారు కదా అన్నాక కాస్త మెత్తబడ్డాడు. చివరికి గుడ్‌విల్ ఏడున్నరలో నాలుగున్నర ఇప్పుడు, మిగతా మూడు లక్షలు ఏడాది తర్వాత. ఆ మూడు కూడా ఆ 38 ఇళ్లలో 30 అయినా ఆర్డర్ ఇస్తేనే. పెద్దాయన మూడు నెలలు కొట్లో కూర్చుని వచ్చినవాళ్లకు నన్ను పరిచయం చేయాలి.

బ్యాంకు మెషిన్ల మీద లోన్ ఇచ్చింది కానీ పేరు మీద రూపాయి ఇవ్వలేదు. అది అప్పు తీరకపోతే జప్తు చేసుకునే వస్తువు కాదు మరి. ఇంకో చిత్రం, పెద్దాయన ఖాతా పుస్తకాల్లో ఆ పేరు విలువ సున్నా. సొంతంగా పెంచుకున్న పేరును లెక్కల్లో ఆస్తిగా రాసుకోకూడదు. డబ్బిచ్చి కొన్నాను కాబట్టి నా పుస్తకంలో ఏడున్నర లక్షలు ఎక్కింది. దాని మీద తరుగుదల చూపించి పన్ను తగ్గించుకుందామంటే, 2021 బడ్జెట్ నుంచి గుడ్‌విల్‌కు ఆ వీలు తీసేశారు.

రాతకోతల్లో మేం దాదాపు మర్చిపోయింది ఫోన్ నంబరు. కొట్టు బోర్డు మీద ఉన్నది పెద్దాయన సొంత సిమ్. ముప్ఫై ఏళ్ల పేరంతా అందులోకే రింగవుతుంది! ఆయన బ్యాంకు ఓటీపీలు కూడా దానికే వస్తాయి, అందుకే ఇవ్వడానికి వెనకాడాడు. ఆయనకు కొత్త నంబరు తీసుకుని బ్యాంకులో మార్పించి, పాతది నా పేరు మీదకు రావడానికి రెండు నెలలు పట్టింది. పేరు వాడుకునే హక్కు, బోర్డు, నంబరు, గూగుల్ మ్యాప్‌లో కొట్టు పేజీ, అన్నీ ఒప్పందంలో ఒక్కొక్కటిగా రాయించాను. ట్రేడ్‌మార్క్‌కు ఎవరూ దరఖాస్తు చేసి ఉండలేదు, నేను చేశాను.

ఏడాది తర్వాత ఇద్దరం ఆర్డర్ పుస్తకం ముందు పెట్టుకుని లెక్కపెట్టాం. 31 ఇళ్లు. ఆ రోజే మూడు లక్షలు ఆయన ఖాతాకు పంపాను. ఇప్పటికీ ఫోన్ ఎత్తితే కొందరు "పెద్దాయన లేడా?" అంటారు. లేరండీ, లడ్డు చేసేది తమ్ముడుగారే అంటాను. కాసేపాగి, "సరే, ఇరవై కిలోలు రాసుకో" అంటారు.