ఒక గుడ్డు, రెండు గ్లాసుల పాలు, గరిటెడు పప్పు: ఈ రోజు లెక్క

నల్గొండ, గురువారం రాత్రి.

ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లాడు. మాంసం ముట్టడు, ఆకుకూర కనిపిస్తే కంచం జరిపేస్తాడు. ఒంటికి సత్తువనిచ్చే ప్రొటీన్ అందుతోందా లేదా అని రోజూ అదే ముచ్చట. అందుకే ఈ రోజు వంటింటి కాటా దగ్గర పెట్టుకొని, వాడు తిన్నదంతా తూచి రాసి పెట్టా.

ముందు ఎంత కావాలో తేలాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకు రోజుకు 23 గ్రాముల ప్రొటీన్ చాలు. అది 25 కిలోల పిల్లలను దృష్టిలో పెట్టుకొని చెప్పింది. అంటే కిలో బరువుకు గ్రాముకు కాస్త తక్కువ. వీడు 22 కిలోల పైచిలుకు ఉంటాడు కాబట్టి 20, 21 గ్రాములు వస్తే సరిపోతుంది. పెద్దవాళ్లకు చెప్పే 50, 60 గ్రాముల అంకె తెచ్చి పిల్లల కంచంలో వేస్తేనే కంగారు మొదలవుతుంది.

పొద్దున పాలు. గ్లాసు 200 మిల్లీలీటర్లే, కానీ అందులో పాలు 150, మిగతా 50 నీళ్లు. అరగవేమోనని కలిపే పాత అలవాటు. పైగా అడుగున రెండు వేళ్ల మందం వదిలేశాడు, అంటే ఐదో వంతు పోయింది. కడుపులోకి వెళ్లిన అసలు పాలు 120. బర్రె పాలు 100 మిల్లీలీటర్లకు 3.6 గ్రాముల చొప్పున 4.3 వచ్చాయి. సాయంత్రం గ్లాసు ఖాళీ చేశాడు కాబట్టి 5.4. మీగడ తీసేసినా పెద్దగా పోదు, అందులో ఎక్కువ కొవ్వే. పోయేదంతా నీళ్లతోనే.

గుడ్డు ఉడకబెట్టి పెంకు తీశాక 46 గ్రాములు తూగింది. మొత్తం తింటే 6.1 గ్రాములు. తెల్లసొన తిని, పచ్చసొన సగం చిదిమి పక్కన పెట్టాడు. ప్రొటీనంతా తెల్లసొనలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు, గానీ బరువుకు బరువు చూస్తే పచ్చసొనలోనే ఎక్కువ. ఆ సగం ముక్కతో 1.3 గ్రాములు పోయి 4.8 మిగిలింది. గుడ్డులోని ఇనుము, విటమిన్ ఏ కూడా దాదాపు అందులోనే ఉంటాయి కాబట్టి నష్టం అంకె కంటే పెద్దది.

అసలు పొరపాటు జరిగేది పప్పు దగ్గర. కందిపప్పులో నూటికి 22 గ్రాములని ఎక్కడో చదివి, గరిటెడు పప్పు పోస్తే 12 వచ్చాయని రాసేసుకుంటారు. ఆ 22 పచ్చి పప్పుది. ఈ రోజు 100 గ్రాముల కందిపప్పు వేస్తే టమాట, నీళ్లు కలిసి గిన్నెలో 520 గ్రాముల పప్పు తయారైంది. అదే 22 గ్రాములు 520లో పరుచుకున్నాయి. గరిటెకు 55 గ్రాములు పట్టింది, కాబట్టి వచ్చింది 2.3 మాత్రమే. అదీ అడుగు నుంచి కలిపి పోస్తేనే. కాసేపు కదపకుండా ఉంచితే పప్పు కిందికి దిగి పైన పసుపు నీళ్లు తేలుతాయి. పిల్లలకు నచ్చేది ఆ తేటే, దాంట్లో పెద్దగా ఏమీ ఉండదు. రాత్రి పలుచటి పప్పుచారు పోసుకున్నాడు, దానికి సున్నా వేశా.

ఇక ఎవరూ లెక్కపెట్టనిది అన్నం. రెండు పూటలా కలిపి 220 గ్రాముల అన్నం తిన్నాడు, నూటికి 2.6 చొప్పున 5.7. సాయంత్రం సగం జొన్నరొట్టె, పిండి 25 గ్రాములు, అందులో 2.5. అన్నీ కూడితే సరిగ్గా 25. అందులో మూడో వంతు అన్నం, రొట్టెలదే! బియ్యపు ప్రొటీన్‌లో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పులో, పాలలో అది దండిగా ఉంటుంది. అందుకే ఇవి ఒకే రోజు కంచంలో కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

ప్రొటీన్ కోసమని అన్నం తగ్గించి డబ్బా పొడి పాలలో కలపడం తలకిందుల పని. కడుపు నిండా తిండి లేకపోతే ఒళ్లు ఆ ప్రొటీన్‌నే కాల్చుకుంటుంది, కండకు మిగలదు. పాలు కూడా అరలీటరు దాటనివ్వకూడదు. ఆకలి చచ్చి అన్నం తినరు, పాలలో ఇనుము బహు తక్కువ. తిండి ఇలాగే ఉండి నెలల తరబడి బరువు పెరగకపోతే మాత్రం కాటాతో పని కాదు, డాక్టరుకు చూపించాలి.

రేపటికి మార్చేవి రెండే. పాలలో నీళ్లు మానేసి 150 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులో పోయాలి, చూడటానికి తక్కువగా ఉంటుంది కాబట్టి వదలడు. పచ్చసొనను వేడి అన్నంలో నెయ్యి, చిటికెడు ఉప్పుతో మెదిపి, దానిమీద అడుగు పప్పు వేయాలి. పసుపు రంగులో పసుపు కలిసిపోతుంది, వేరు చేసి తీయలేడు.